గెస్టుల ఫీడ్‌బ్యాక్ ఫామ్ తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో ఎలా తయారు చెయ్యాలి

హోమ్‌స్టేలు, చిన్న లాడ్జీలు నడిపేవాళ్ళు తరచూ అడిగేది ఒకటే: "ఫామ్ పెట్టాం అండీ, అందరూ బాగుంది అనే రాస్తున్నారు, కానీ మళ్ళీ రావట్లేదు, ఆన్‌లైన్‌లో మాత్రం రెండు స్టార్లు ఇస్తున్నారు, ఏంటిది?" చాలాసార్లు తప్పు గెస్టుది కాదు, ఫామ్‌దే. మొహం మీద బాగోలేదు అనడం మనవాళ్ళకి అలవాటు లేదు, అలాంటివాళ్ళని "మా సేవలు మీకు నచ్చాయా?" అని అడిగితే బాగుందండీ అనే అంటారు, ఇంకేమంటారు.

అరకులో ఆరు గదుల హోమ్‌స్టే ఒకటి అనుకుని మొత్తం చెప్తాను. అక్కడికి వైజాగ్, హైదరాబాద్ నుంచి కుటుంబాలు వస్తాయి, చలికాలంలో బెంగాల్ వైపు నుంచి కూడా బాగా వస్తారు, కాబట్టి తెలుగు ఒక్కటే పెడితే సరిపోదు, ఇంగ్లీషు ఒక్కటే పెడితే మన పెద్దవాళ్ళు ఫామ్ ముట్టుకోరు. మీది తిరుపతిలో లాడ్జీ అయినా, దిండి దగ్గర రిసార్ట్ అయినా పద్ధతి ఇదే, ప్రశ్నలు మారతాయి అంతే.

ముందుగా కావాల్సినవి

- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో మొదలెట్టొద్దు, ప్రశ్నలు కాగితం మీదే తేలాలి.
- గత సీజన్‌లో మీకు వచ్చిన ఫిర్యాదులు, నోటితో చెప్పినవి కూడా, గుర్తున్నవన్నీ.
- తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు అనువాదానికి, ఇంకొకరు దాన్ని చెక్ చెయ్యడానికి. రెండో మనిషి మీ హోమ్‌స్టేలో పనిచేసేవాళ్ళు కాకపోతే మంచిది.
- గూగుల్ ఫామ్స్, లేదా ప్రింట్. సిగ్నల్ సరిగ్గా లేని చోట రెండూ పెట్టుకోండి.
- ప్రింట్ అయితే మూత, తాళం ఉన్న చిన్న డబ్బా.

1. ప్రశ్న కంటే ముందు "తెలిస్తే ఏం చేస్తాను" అని రాసుకోండి

కాగితం మీద రెండు గడులు గియ్యండి. ఎడమ వైపు మీరు తెలుసుకోవాలనుకున్నది, కుడి వైపు జవాబు చెడ్డగా వస్తే మీరు మార్చగలిగేది. కుడి గడి ఖాళీగా ఉంటే ఆ ప్రశ్న కొట్టేయండి. "అరకు వాతావరణం ఎలా ఉంది?" అని కొందరి ఫామ్‌లో ఉంటుంది, చలి ఎక్కువైందని రాస్తే మీరేం చేస్తారు? అదే "రాత్రి కప్పుకోడానికి ఇచ్చిన దుప్పట్లు సరిపోయాయా?" అంటే ఇంకో రెండు రగ్గులు కొనొచ్చు.

ఇలా వడపోస్తే ఏడెనిమిది ప్రశ్నలు మిగులుతాయి. అంతే చాలు. ఇరవై ప్రశ్నలు పెడితే జనం కింద సగం చదవకుండా ఒకే వరుసలో టిక్కులు కొట్టుకుంటూ పోతారు, మీరు దాన్ని నిజం అనుకుని లెక్కేసుకుంటారు.

2. ఎలా అనిపించిందో కంటే ఏం జరిగిందో అడగండి

మొత్తం మీద నేను గట్టిగా చెప్పే విషయం ఇదే. వేడినీళ్ళ సంగతే తీసుకోండి, అరకులో డిసెంబర్ తెల్లవారుజామున అంతకంటే పెద్ద సమస్య ఉండదు. "వేడినీళ్ళ సౌకర్యం ఎలా ఉంది?" అని అడిగితే బాగుంది, పర్వాలేదు అని వస్తాయి, వాటితో మీరు ఏ పనీ చెయ్యలేరు. ఇలా అడగండి:

```
మీకు కావాల్సినప్పుడు వేడినీళ్ళు వచ్చాయా?
Did you get hot water when you needed it?

ప్రతిసారీ వచ్చాయి / Every time
కొన్నిసార్లు రాలేదు / Sometimes not
అసలు రాలేదు / Never
వేడినీళ్ళు వాడలేదు / Did not use hot water
```

దీని కిందే ఇంకో చిన్న ప్రశ్న, "రాకపోతే ఏ టైమ్‌లో?" అని, తెల్లవారి 6 లోపు, 6 నుంచి 8, 8 తర్వాత, సాయంత్రం అని నాలుగు గళ్ళు. ఒకటి కంటే ఎక్కువ టిక్ చెయ్యొచ్చు అని రెండు భాషల్లోనూ రాయండి, గూగుల్ ఫామ్స్‌లో అయితే దీనికి ఒక్కదానికి Checkboxes పెట్టండి. ఇందులో గెస్టు మిమ్మల్ని తిట్టక్కర్లేదు, పొగడక్కర్లేదు, జరిగింది చెప్తే చాలు. మొహమాటం ఉన్నవాళ్ళు కూడా దీనికి నిజమే రాస్తారు, ఎందుకంటే "కొన్నిసార్లు రాలేదు" అని రాయడం ఎవరినీ నొప్పించినట్టు అనిపించదు.

స్టాఫ్ గురించి కూడా అంతే. "మా సిబ్బంది మర్యాదగా ఉన్నారా?" అని అడిగితే, పాపం ఆ కుర్రాడి ఉద్యోగం పోతుందేమో అని ఎవరూ లేదు అనరు. "మీరు ఏదైనా అడిగినప్పుడు ఎంతసేపట్లో వచ్చారు?" అని అడిగి టైమ్‌లు ఇవ్వండి: పది నిమిషాల లోపు, అరగంట లోపు, అంతకంటే ఎక్కువ, రాలేదు, ఏమీ అడగలేదు.

3. ప్రశ్నలో మీ అభిప్రాయం దూర్చొద్దు

"మా రుచికరమైన బొంగు చికెన్ మీకెలా అనిపించింది?" అనే ప్రశ్నలో జవాబు ముందే ఉంది. రుచికరమైన, ఆత్మీయమైన, పరిశుభ్రమైన లాంటి మాటలు అన్నీ తీసేయండి. అలాగే "ఏమైనా ఇబ్బంది కలిగిందా?" అనేది కూడా ఒక వైపుకి లాగే ప్రశ్నే, అది కావాలని తప్పులు వెతికిస్తుంది. "బొంగు చికెన్ ఎలా ఉంది?" చాలు.

ఇంకో తప్పు, ఇది అందరి ఫామ్‌లోనూ ఉంటుంది: "గది, బాత్రూమ్ శుభ్రంగా ఉన్నాయా?" గది బాగుంది, బాత్రూమ్‌లో వాసన, అప్పుడు గెస్టు ఏం టిక్ చెయ్యాలి? మీ ప్రశ్నల్లో "మరియు", కామా, "ఇంకా" ఎక్కడున్నా వేలు పెట్టి చూడండి, రెండు విషయాలు ఉంటే రెండు ప్రశ్నలు చెయ్యండి. ఇంగ్లీషు వైపు చెక్ చెయ్యడం మర్చిపోవద్దు, ఎందుకంటే తెలుగులో "భోజనం" అన్నది అనువదించేవాళ్ళు ఇంగ్లీషులో భోజనం, సర్వీస్ రెండూ కలిపి రాసేస్తారు, బాగుంటుంది కదా అని.

4. స్కేలు: అయిదు మెట్లు, అయిదింటికీ మాటలు

నచ్చడం గురించి అడగాల్సిన ప్రశ్నలు కూడా రెండు మూడు ఉంటాయి, మొత్తం బస ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది లాంటివి. వాటికి ఈ స్కేలు వాడండి:

```
చాలా బాగుంది / Very good
బాగుంది / Good
ఓ మోస్తరుగా ఉంది / Neither good nor bad
బాగోలేదు / Bad
అస్సలు బాగోలేదు / Very bad
```

భోజనం ప్రశ్నకి అయితే దీని కింద కొంచెం ఎడంగా "ఇక్కడ తినలేదు" అని ఆరో గడి కూడా ఉండాలి, ఇంగ్లీషు వైపు కూడా అదే. అది లేకపోతే తిననివాళ్ళు మధ్య గడిలో టిక్ పెడతారు, మీ భోజనం ఓ మోస్తరు అని అన్యాయంగా తేలుతుంది. మొత్తం బస ప్రశ్నకి మాత్రం ఇది అక్కర్లేదు.

ఈ స్కేలులో నాలుగు విషయాలు కావాలనే పెట్టాను.

మధ్యలో "పర్వాలేదు" పెట్టలేదు. ఇంట్లో కూర ఎలా ఉందంటే పర్వాలేదు అని ఒకరు మెచ్చుకోలుగా అంటారు, ఇంకొకరు మూతి ముడిచి అంటారు, కాగితం మీద గొంతు వినపడదు కదా. పైగా ఇంగ్లీషు వైపు దానికి ఏ మాట పెట్టినా ఒక పక్కకి ఒరుగుతుంది. మధ్య గడికి రెండు భాషల్లోనూ ఒకే బరువు ఉండాలి.

పైన రెండు మంచివి, కింద రెండు చెడ్డవి, సమానంగా. చాలా హోటల్ ఫామ్‌లలో అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, సాధారణం, బాగోలేదు అని ఉంటుంది. అందులో మూడు మంచివి, చెడ్డది ఒక్కటే. దాంట్లో అందరూ పైనే ఉంటారు, ఉండక ఏం చేస్తారు.

అంకెలు పెట్టలేదు. 1 నుంచి 5 అని అంకెలు ఇస్తే కొంతమంది 1 అంటే ఫస్ట్ ర్యాంక్ అనుకుంటారు, నిజంగా జరుగుతుంది ఇది, కింద కామెంట్‌లో పొగిడి పైన 1 కొట్టినవాళ్ళు కనపడితే అదే కారణం. గూగుల్ ఫామ్స్‌లో Linear scale అయితే రెండు చివర్లకే మాటలు పెట్టనిస్తుంది, మధ్యవి ఉత్త అంకెలే, అందుకే Multiple choice వాడండి. Multiple choice grid కూడా వద్దు, ఫోన్‌లో పక్కకి జరపాల్సి వస్తుంది, కుడి వైపు గళ్ళు సగం మందికి కనపడవు.

స్మైలీలు పెట్టలేదు. పెట్టాలనుకుంటే మాటలతో పాటు పెట్టండి, ఉత్త బొమ్మలు వద్దు, మూడో మొహం నవ్వుతోందో లేదో ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపిస్తుంది.

5. కారానికి వేరే స్కేలు

మన వంటకి ఈ ఒక్క ప్రశ్న అన్నిటికంటే పనికొస్తుంది, దాదాపు ఎవరూ పెట్టరు.

```
కూరల్లో కారం మీకు ఎలా ఉంది?
How was the spice level for you?

బాగా తక్కువైంది / Much too little
కొంచెం తక్కువైంది / A little too little
సరిపోయింది / Just right
కొంచెం ఎక్కువైంది / A little too much
బాగా ఎక్కువైంది / Much too much
ఇక్కడ తినలేదు / Did not eat here
```

భోజనం బాగోలేదు అని తెలిస్తే వంటమనిషికి ఏం చెప్పాలో తెలీదు, కారం ఎక్కువైందని తెలిస్తే రేపటి నుంచే మార్చొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఈ స్కేలులో మంచి జవాబు మధ్యలో ఉంటుంది, కాబట్టి సగటు తియ్యకూడదు. సగం మందికి బాగా తక్కువ, సగం మందికి బాగా ఎక్కువ అయితే సగటు "సరిపోయింది" అని వస్తుంది, ఒక్కరికి కూడా సరిపోకుండానే. గుంటూరు నాలుకకీ కలకత్తా నాలుకకీ ఒకే కూర పెడితే సరిగ్గా అదే జరుగుతుంది. అలా రెండుగా చీలితే మందు కారం తగ్గించడం కాదు, ఆర్డర్ తీసుకునేటప్పుడే అడగడం.

6. రెండు భాషలూ ఒకే ఫామ్‌లో

ప్రతి ప్రశ్నా ముందు తెలుగులో, దాని కింద ఇంగ్లీషులో రాయండి, జవాబు గళ్ళు మాత్రం రెండింటికీ ఒక్కటే. మొదట భాష అడిగి రెండు వేరే సెక్షన్‌లకి పంపడం గూగుల్ ఫామ్స్‌లో కుదురుతుంది కానీ, అప్పుడు ఒకే ప్రశ్నకి జవాబులు రెండు వేరే కాలమ్‌లలో పడతాయి, కలపడం తలనొప్పి. చివర్లో "మీరు ఏ భాషలో చదివి నింపారు?" అని ఒక ప్రశ్న పెట్టుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది.

అనువాదం చెక్ చెయ్యడం ఇలా. మీ తెలుగు ప్రశ్నల్ని ఒకరు ఇంగ్లీషు చేస్తారు. ఆ ఇంగ్లీషు మాత్రమే రెండో మనిషికి ఇచ్చి, మీ తెలుగు చూపించకుండా, మళ్ళీ తెలుగు చెయ్యమనండి. రెండు తెలుగుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో తెలిసిపోతుంది. పదాలు మారితే ఫర్వాలేదు, బరువు మారిందా అన్నది చూడండి. "బాగోలేదు" అన్నది తిరిగొచ్చేసరికి "ఘోరంగా ఉంది" అయితే ఇంగ్లీషు మాట మరీ కటువుగా ఉన్నట్టు.

తెలుగు మాత్రం మాట్లాడే తెలుగే రాయండి. "వసతి సదుపాయముల పట్ల మీ సంతృప్తి స్థాయి" అని రాస్తే కుటుంబంలో పెద్దాయన ఫామ్‌ని కొడుకు చేతికి ఇచ్చేస్తాడు, మీకు పెద్దాయన మాట పోయినట్టే.

ప్రింట్ అయితే ఇంకో మాట. డీటీపీ షాపుల్లో చాలామంది ఇంకా అను ఫాంట్లలో చేస్తారు, అవి యూనికోడ్ కాదు, మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగుని వాళ్ళు మళ్ళీ టైప్ చెయ్యాల్సి వస్తుంది, అక్కడ తప్పులు దొర్లుతాయి. మీరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తయారు చేసి పీడీఎఫ్ ఇచ్చి ఉన్నదున్నట్టు ప్రింట్ చెయ్యమనండి. తెలుగు అక్షరం ఇంగ్లీషు కంటే కొంచెం పెద్దగా, లైన్ల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండాలి, లేకపోతే ఒత్తులు కింది లైను మీద పడతాయి.

7. ప్రశ్నల వరుస

"మొత్తం మీద మీ బస ఎలా ఉంది?" అన్నది మొట్టమొదట పెట్టండి. వేడినీళ్ళు, దుప్పట్లు, బాత్రూమ్ అన్నీ గుర్తుచేశాక అడిగితే అప్పుడే తలుచుకున్న చిరాకు ఈ జవాబు మీద పడుతుంది. తర్వాత గది, బాత్రూమ్, వేడినీళ్ళు, దుప్పట్లు, భోజనం, కారం, స్టాఫ్. చివర్లో ఒక్క రాత ప్రశ్న: "ఏ ఒక్కటి మారిస్తే మీ బస ఇంకా బాగుండేది?" సలహాలు, సూచనలు అని ఖాళీ గీతలు ఇస్తే ఆల్ ది బెస్ట్ అని రాసి వెళ్తారు, "ఏ ఒక్కటి" అన్నప్పుడు ఆలోచించి ఒకటి రాస్తారు. ఏ భాషలో అయినా రాయొచ్చు అని కింద చెప్పండి.

పేరు, ఫోన్ నంబర్, గది నంబర్ అడగొద్దు. ఆరు గదులే కాబట్టి తేదీ రాయించినా మనిషెవరో తెలిసిపోతుంది, నెల చాలు. గూగుల్ ఫామ్స్ సెట్టింగ్స్‌లో Collect email addresses ఆపెయ్యండి, Limit to 1 response కూడా ఆపెయ్యండి, అది ఆన్‌లో ఉంటే లాగిన్ అవ్వమంటుంది, సగం మంది అక్కడే వెనక్కి వెళ్ళిపోతారు.

8. నలుగురైదుగురితో నింపించి చూడండి

ప్రింట్ కొట్టించే ముందు మీ బంధువుల్లో ఒక పెద్దావిడ, ఒక కాలేజీ కుర్రాడు, తెలుగు రాని ఒక మనిషి, ఇలా నలుగురైదుగురికి ఇవ్వండి. పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నకీ "ఇది మిమ్మల్ని ఏం అడుగుతున్నట్టు అనిపించింది?" అని అడగండి, మీరు వివరించొద్దు. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి చదివారో ఆ ప్రశ్న మార్చండి. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళు దొరికితే ఇవాళ ఇంగ్లీషులో, వారం తర్వాత తెలుగులో, ఒకే బస గురించి నింపమనండి. ఒకే ప్రశ్నకి ఇద్దరు ముగ్గురు రెండు రకాలుగా కొడితే ఆ మాటల జత సరిగ్గా కుదరలేదన్నమాట.

9. ఇచ్చే పద్ధతి

చెకౌట్‌లో కౌంటర్ దగ్గర ఓనర్ నిలబడి చూస్తుంటే ఎవరూ నిజం రాయరు. ఆఖరి రాత్రి గదిలో పెట్టండి, వెళ్ళేటప్పుడు డబ్బాలో వెయ్యమనండి. క్యూఆర్ కోడ్ అయితే గదిలోనే అతికించండి, లేదా బయల్దేరిన రోజు సాయంత్రం వాట్సాప్‌లో లింక్ పంపండి, ఒక్కసారే, మళ్ళీ మళ్ళీ గుర్తుచెయ్యొద్దు.

గదికి రెండు ఫామ్‌లు పెట్టండి. ఒక్కటే ఉంటే ఇంటాయన నింపుతాడు, బాత్రూమ్ సంగతి ఆవిడకి తెలుసు.

బాగుంది అన్నవాళ్ళకి మాత్రమే గూగుల్ రివ్యూ లింక్ పంపి, బాగోలేదన్నవాళ్ళని మీ ఫామ్ దగ్గరే ఆపేసే పద్ధతి కొందరు నేర్పిస్తున్నారు, అది చెయ్యొద్దు. అలా ఏరి పంపడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, మీ రివ్యూలు తీసేసే ప్రమాదం ఉంది. పంపితే అందరికీ పంపండి.

10. జవాబులు లెక్కపెట్టడం

సగటు వద్దు, ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. గూగుల్ షీట్‌లో ఒక ప్రశ్న D కాలమ్‌లో ఉంటే:

```
=COUNTIF(D2:D200,"బాగుంది*")
```

ఇది "బాగుంది" అని మొదలయ్యేవే లెక్కపెడుతుంది, "చాలా బాగుంది" ఇందులో కలవదు, దానికి వేరే రాసుకోవాలి.

డిసెంబర్‌లో 60 బుకింగ్‌లు అయితే 24 ఫామ్‌లు వచ్చాయనుకుందాం. వేడినీళ్ళు ప్రతిసారీ వచ్చాయని 15 మంది, కొన్నిసార్లు రాలేదని 6గురు, అసలు రాలేదని ఒకరు, వాడలేదని ఇద్దరు. వాడినవాళ్ళు 22 మందిలో 7గురికి ఇబ్బంది అయింది. ఆ 7గురిలో 6గురు 6 నుంచి 8 మధ్య అని టిక్ చేశారు. అంటే గీజర్ పాడవ్వలేదు, పొద్దున్నే అన్ని గదులవాళ్ళూ ఒకేసారి వాడుతున్నారు, బొర్రా గుహలకి బయల్దేరే టైమ్ అది. ట్యాంకు సరిపోవట్లేదా, కరెంటు లోడ్ తట్టుకోవట్లేదా అన్నది రేపు పొద్దున 7కి మీరే నిలబడి చూసుకోవచ్చు. ఇదే ఫామ్‌లో మొత్తం బస ఎలా ఉందంటే ఆ 7గురిలో ఎక్కువమంది బాగుంది అనే కొట్టి ఉండొచ్చు, అందులో ఆశ్చర్యం లేదు.

24 ఫామ్‌లకి శాతాలు వెయ్యొద్దు. ఒక్క మనిషి మారితే నాలుగు శాతం మారుతుంది, నవంబర్ కంటే డిసెంబర్‌లో 4% పెరిగింది అనుకోవడంలో అర్థం లేదు. "22 మందిలో 7గురు" అనే రాసుకోండి.

ఫామ్ సరిగ్గా పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది

ఒక ప్రశ్నకి వరసగా ముప్పై మంది ఒకే గడి కొడితే ఆ ప్రశ్న మీకేమీ చెప్పట్లేదు, జరిగింది అడిగేలా మార్చండి. పై నుంచి కింది దాకా ఒకే వరుసలో టిక్కులున్న ఫామ్‌లు పక్కన పెట్టి లెక్కపెట్టండి, అవి ఎక్కువైతే ఫామ్ పొడవైనట్టు. "తినలేదు" గడి ఎవరూ వాడకపోతే అది కనపడట్లేదేమో చూడండి, ఎందుకంటే మీ దగ్గర భోజనం చెయ్యనివాళ్ళు ఎంతమందో మీ బిల్లు పుస్తకంలోనే ఉంటుంది.

తెలుగులో నింపినవాళ్ళు ఇంగ్లీషులో నింపినవాళ్ళ కంటే మంచి మార్కులు వేస్తున్నారనిపిస్తే వెంటనే మావాళ్ళు మంచివాళ్ళు అనుకోవద్దు. ముందు వేడినీళ్ళు, స్టాఫ్ వచ్చిన టైమ్ లాంటి జరిగినవాటి ప్రశ్నలు చూడండి. వాటిలో రెండు గుంపులూ ఒకేలా ఉండి, బాగుంది, బాగోలేదు దగ్గరే తేడా వస్తుంటే అది మాటల బరువులోనో మొహమాటంలోనో ఉన్న తేడా. జరిగినవాటిలో కూడా తేడా ఉంటే మాత్రం నిజంగానే ఒక గుంపుకి మీ దగ్గర తక్కువ జరుగుతోంది, స్టాఫ్‌కి భాష రాక ఆలస్యం అవుతోందేమో కనుక్కోండి.

మాటలు మార్చాలనిపిస్తే సీజన్ మధ్యలో మార్చొద్దు, మార్చితే ముందు నెలలతో పోల్చలేరు. అచ్చు తప్పు అయితే సరిదిద్దండి, మిగతావి కాగితం మీద రాసి పెట్టుకుని ఫిబ్రవరి అయ్యాక కొత్త ఫామ్‌లో వెయ్యండి, ఫామ్ అడుగున చిన్నగా సంవత్సరం, నంబర్ రాసుకోండి, పాత కట్ట కొత్త కట్ట కలిసిపోకుండా.